కౌన్సెలింగ్ కాగితం మెమో ఎప్పుడవుతుంది?

ఏనుమాముల మార్కెట్‌కు దగ్గరలో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. మేనేజర్ నాకు పాత పరిచయం. మిర్చి సీజన్ ఊపు మీదున్న మార్చి మొదటి వారంలో ఫోన్ చేసి, "అన్నా, పిలగానికి మంచిగ చెప్దామని కౌన్సెలింగ్ లెటర్ ఇచ్చిన. సంతకం పెట్టనంటున్నడు. పొద్దున వాళ్ల బావను తోలుకొచ్చిండు. నేనేం తప్పు రాసిన్నో నువ్వొచ్చి సూడు" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా సిబ్బంది వ్యవహారాలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. వెళ్లి చూస్తే కాగితం అర పేజీ ఉంది. పైన పెద్ద అక్షరాల్లో "కౌన్సెలింగ్ లెటర్" అని ఉంది. కింద నాలుగే వాక్యాలు: "మీరు విధుల్లో తరచుగా నిర్లక్ష్యంగా వ్యవహరిస్తున్నారు. పలుమార్లు చెప్పినా మీ ప్రవర్తనలో మార్పు లేదు. ఇది మీకు చివరి అవకాశం. మళ్లీ జరిగితే తీవ్రమైన చర్యలు తప్పవు." మేనేజర్ సంతకం, స్టాంపు, పక్కన "కాపీ: పర్సనల్ ఫైల్".

ఆ పిల్లవాడు సంతకం పెట్టకపోవడమే తెలివైన పని. శీర్షిక తీసేసి ఎవరికి చూపించినా దాన్ని మెమో అనే అంటారు. మేనేజర్‌కు కూడా దురుద్దేశం లేదు. మంచి మాటే చెప్పాలనుకున్నాడు, కానీ చేతికి అలవాటైన భాష మెమో భాష ఒక్కటే. మన దిక్కు ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా దాని పేరు మెమోనే. సంజాయిషీ అడిగినా మెమో, హెచ్చరించినా మెమో, సస్పెన్షన్‌కు ముందు వచ్చేదీ మెమోనే. అలాంటి చోట "ఇది మెమో కాదు" అని నమ్మించే కాగితం రాయాలంటే పైన పేరు మార్చితే సరిపోదు. అందులో ఏం రాశారు, ఎక్కడ పెట్టారు, తర్వాత దేనికి వాడారు అన్న మూడు విషయాలే అది సలహానా హెచ్చరికా అని తేలుస్తాయి.

ముందు జరిగింది చెప్తాను.

రైతు మిర్చి తెచ్చినప్పుడు గేటు దగ్గర బస్తాలు లెక్కపెట్టి కాంటా వేస్తారు. ఒక రైతు సరుకు ఒక లాట్. హమాలీలు దాన్ని చాంబర్‌లోకి మోసి వరుసల్లో పేరుస్తారు. రైతుకు బాండ్ ఇస్తారు. ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో రైతు పేరు, ఊరు, రకం, బస్తాలు, తూకం, వచ్చిన టైము రాసి, చివరి రెండు గడుల్లో చాంబర్ నంబరు, వరుస నంబరు రాస్తారు. సంతకం పెట్టనన్న ఆ పిల్లవాడు ఈ రిజిస్టర్ రాసే క్లర్క్. ఈ చివరి రెండు గడులే అతను అప్పుడప్పుడు ఖాళీ వదిలేస్తున్నాడు. ఫిబ్రవరి 10 నుంచి మార్చి 2 దాకా 164 లాట్లు వస్తే ఐదింటికి వరుస నంబరు లేదు.

ఐదే కదా అనిపిస్తుంది. నిజమే, చిన్న పొరపాటే. కానీ ధర కోసం చూసే రైతు నడుమ ఒకసారి వచ్చి, వ్యాపారికి చూపించడానికి తన లాట్‌లోంచి నమూనా అడుగుతాడు. నర్సంపేట దిక్కు నుంచి అట్లా వచ్చిన ఒక రైతును 34 బస్తాల లాట్ కోసం నలభై నిమిషాలు నిలబెట్టారు. పక్కనే మరో రకం మిర్చి పేర్చి ఉంటే, వెతుకులాటలో బస్తా అటుదిటు అయ్యే ప్రమాదం కూడా ఉంటుంది. తేజ బస్తాల్లో చపాటా కలిస్తే అది ఇద్దరు రైతుల తగాదా అవుతుంది. చపాటాకు ఘాటు తక్కువ, రంగు ఎక్కువ, ధరే వేరు. కాబట్టి మేనేజర్ కంగారుకు కారణం ఉంది. శిక్షించేంత తప్పు కాదు, అలాగని ఊరుకునేదీ కాదు. మళ్లీ మళ్లీ జరిగే చిన్న లోపం అంటే ఇదే. కౌన్సెలింగ్ నోట్ పనికొచ్చేది ఈ ఇరుకు జాగాలోనే.

ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలను ఒక్కొక్కటిగా చూద్దాం. "తరచుగా" అంటే ఎన్నిసార్లు? చదివినవాడికి తెలియదు. 164లో 159 సరిగ్గా రాసిన మనిషికి "తరచుగా" అన్న మాట అబద్ధంలా వినిపిస్తుంది, అక్కడితో మిగతా కాగితం మీద నమ్మకం పోతుంది. "నిర్లక్ష్యం" అన్నది మనం చూసింది కాదు, ఊహించింది. మనం చూసింది ఖాళీ గడి మాత్రమే. అది ఎందుకు ఖాళీగా ఉందో అప్పటికి ఎవరూ అడగలేదు. పైగా నిర్లక్ష్యం అన్న మాటకు కార్మిక చట్టంలో బరువుంది, దాని సంగతి కాసేపట్లో చెప్తాను. "చివరి అవకాశం" అంటే ముందు కొన్ని అవకాశాలు ఇచ్చి లెక్కపెట్టినట్టు. అది క్రమశిక్షణ మెట్ల మీద చివరి మెట్టు దగ్గర వాడే మాట. "తీవ్రమైన చర్యలు తప్పవు" అన్నాక ఇక చెప్పడానికేముంది, అది హెచ్చరికే. అసలు విడ్డూరం ఏమంటే, ఇన్ని మాటల్లో వరుస నంబరు అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ఏది సరిచేసుకోవాలో ఆ కాగితం చదివితే తెలియదు.

మేనేజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రిజిస్టర్ తెప్పించాను. ఖాళీగా ఉన్న ఐదు లాట్ల ఎదురుగా వచ్చిన టైము చూశాం. 6.20, 7.05, 6.45, 7.40, 6.30. ఐదూ సాయంత్రం ఆరు దాటాక దిగినవే. పగటి పూట లాట్లలో ఒక్కటీ తప్పలేదు. మేనేజర్ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఆ అబ్బాయిని పిలిచి, కాగితం సంగతి పక్కన పెట్టి, ఆరు దాటాక ఏం జరుగుతుందో చెప్పమన్నాం. "సారు, పొద్దుగూకితె డీసీఎంలు ఒకదానెనుక ఒకటి వస్తయి. బస్తాలు మూడో అంతస్తుకు పోతయి. యే వరుసల పెట్టిండ్రో మేస్త్రికే తెలుస్తది. పొద్దంత నేను పైకి పోయి సూసి రాస్త. రాత్రి గేటు ఇడిసిపెట్టి పైకి పోతె కింద కాంటా ఎవలు సూస్తరు? మేస్త్రి దిగినంక అడుగుత. అప్పటికి ఇంకో బండి నిలవడి ఉంటది, ఆయన యాద్మరుస్తడు, నేను యాద్మరుస్త." చాంబర్ గోడల మందానికి లోపల ఫోన్ పనిచేయదు, కాబట్టి అడిగే దారి కూడా లేదు.

చేతగానితనం, చేయకపోవడం, చేయనివ్వకపోవడం వేరు వేరు. పని రాని వాడికి నేర్పాలి. తెలిసీ చేయని వాడికి చెప్పాలి, వినకపోతే హెచ్చరించాలి. ఏర్పాటే సరిగా లేనప్పుడు ఏర్పాటును మార్చాలి. ఖాళీ గడిని చూస్తే ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే కౌన్సెలింగ్ నోట్ ఎప్పుడూ మాట్లాడిన తర్వాతే రాయాలి. ముందే రాసుకుని చేతిలో పెట్టి "సంతకం పెట్టు" అంటే దాని పేరు ఏదైనా కౌన్సెలింగ్ మాత్రం కాదు. ఇక్కడ మాట్లాడడానికి పట్టింది ఇరవై నిమిషాలు. రాయడానికి పట్టింది అంతకంటే తక్కువే. మేము రాసింది ఇది.

"ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో చాంబర్, వరుస నంబర్లు రాయడం గురించి మార్చి 4న మనం మాట్లాడుకున్న విషయాలు.

ఫిబ్రవరి 10 నుంచి మార్చి 2 వరకు వచ్చిన 164 లాట్లలో ఐదింటికి ఈ నంబర్లు రాయలేదు. ఐదూ సాయంత్రం ఆరు దాటాక వచ్చినవి. మిగతా వివరాలు, తూకం, బస్తాల లెక్క అన్నీ సరిగా ఉన్నాయి. వరుస నంబరు లేక ఫిబ్రవరి 26న ఒక రైతు నలభై నిమిషాలు ఆగాల్సి వచ్చింది.

సాయంత్రం ఒక్కరే గేటు, కాంటా చూసుకుంటున్నందున పైకి వెళ్లి చూడలేకపోతున్నానని మీరు చెప్పారు. రిజిస్టర్‌లో టైము చూస్తే అదే కనిపిస్తోంది.

రేపటి నుంచి ప్రతి లాట్‌తో ఒక చీటీ పైకి వెళ్తుంది. మేస్త్రి దాని మీద చాంబర్, వరుస రాసి కిందికి పంపుతాడు. ఆ విషయం మేస్త్రికి మేనేజర్ చెప్తారు. సీజన్ అయ్యేదాకా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు గేటు దగ్గర మీకు తోడు ఒక మనిషి ఉంటాడు. చీటీ చేతికి రాగానే మీరు రిజిస్టర్ నింపుతారు. రాత్రి రిజిస్టర్ మూసే ముందు ఖాళీ గడులు ఉన్నాయేమో చూసుకుంటారు. చీటీ రాకపోతే అదే రాత్రి మేనేజర్‌కు చెప్తారు.

మార్చి 25న రిజిస్టర్ ముందు పెట్టుకుని మళ్లీ ఇద్దరం చూద్దాం.

ఈ కాగితం హెచ్చరిక కాదు, శిక్ష కాదు. పర్సనల్ ఫైల్‌లో పెట్టం. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి మేనేజర్ దగ్గరి కౌన్సెలింగ్ ఫోల్డర్‌లో ఉంటుంది. జూన్ 30న ఫోల్డర్‌లోంచి తీసేస్తాం. ఇందులో ఏదైనా సరిగా లేదనిపిస్తే కింద మీ మాట రాయండి."

సంతకం దగ్గర "అందుకున్నాను, చదివాను" అని పెట్టాం. "అంగీకరిస్తున్నాను" అని పెట్టలేదు. సంతకం అంటే ఒప్పుకోలు అన్న భయం మనవాళ్లలో ఎక్కువ, అది ఉత్త భయం కూడా కాదు. అయినా సంతకం పెట్టనంటే బలవంతం చేయొద్దు. ఏ రోజు మాట్లాడామో, ప్రతి ఇచ్చామో లేదో కింద రాసుకుంటే చాలు. సాక్షుల సంతకాలు తీసుకోవడం, ఇంటికి రిజిస్టర్ పోస్టులో పంపడం మొదలుపెడితే మళ్లీ మెమో దారిలోకి పోయినట్టే.

ఈ నోట్‌లో మేనేజర్ చేయాల్సిన పనులు క్లర్క్ చేయాల్సిన వాటికంటే తక్కువేమీ లేవు. అది చూసి మేనేజర్ ముఖం కాస్త ముడిచాడు కూడా. కానీ ఒకవైపు మాత్రమే మారాలని రాసే కాగితాన్ని తోడ్పాటు అనలేం. రేపు చీటీ పద్ధతి పెట్టకపోతే, మళ్లీ గడి ఖాళీగా ఉంటే, తప్పెవరిదో ఈ కాగితమే చెప్తుంది. కొందరు యజమానులు కౌన్సెలింగ్ రాతపూర్వకంగా వద్దనడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం.

ఇక చట్టం సంగతి. సంస్థలో పని షరతులు, క్రమశిక్షణ నియమాలు రాసి పెట్టేవే స్టాండింగ్ ఆర్డర్లు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో దుష్ప్రవర్తన జాబితా ఒకటి ఉంది. అందులో ఆలస్యంగా రావడం అని లేదు, అలవాటుగా ఆలస్యంగా రావడం అని ఉంది. పనిలో నిర్లక్ష్యం కూడా అలవాటుగా జరిగితేనే ఆ జాబితాలోకి వస్తుంది. ఎన్నిసార్లయితే అలవాటో అంకె ఇవ్వలేదు. ఆ పాత చట్టం వంద మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న చోట వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ హద్దును 300కు పెంచింది. మన కోల్డ్ స్టోరేజీలో పర్మనెంట్ మనుషులు 22 మందే కాబట్టి స్టాండింగ్ ఆర్డర్లు దాన్ని తాకవు. కానీ చిన్న సంస్థల నియామక పత్రాల్లో రాసే షరతులు చాలావరకు ఆ నమూనా మాటల్నే అరువు తెచ్చుకుంటాయి.

అలవాటు అన్న ఆ మాటే యాజమాన్యాలను తప్పుదారి పట్టిస్తుంది. చిన్న తప్పు ఒక్కసారి జరిగితే దుష్ప్రవర్తన కాదు, అలవాటైతే అవుతుంది. మరి అలవాటని రుజువు చేయాలంటే కాగితాలు కావాలి. కాబట్టి కౌన్సెలింగ్ పేరుతో ఒక్కొక్కటి ఇస్తూ పోదాం, నాలుగైదు కూడాక వాడుకుందాం అన్న ఆలోచన వస్తుంది. "మూడు కౌన్సెలింగ్‌లు ఒక హెచ్చరికతో సమానం" అని సర్క్యులర్ వేసిన చోట్లు కూడా చూశాను. మొదటి కౌన్సెలింగ్ రోజే అది మూడింట ఒక వంతు హెచ్చరిక అయిపోయిందన్నమాట. ఆ సంగతి సిబ్బందికి అర్థం కావడానికి నెల పట్టదు. తర్వాత ఆ గదిలోకి పిలిస్తే ఎవరూ నిజం చెప్పరు. మన క్లర్క్ "గేటు ఇడిసిపెట్టి పోతె ఎవలు సూస్తరు" అన్నాడే, అలాంటి మాట ఒక్కటి కూడా బయటికి రాదు.

నిజానికి రుజువు కోసం ఆ నోట్లు అవసరమే లేదు. ఖాళీ గడులు రిజిస్టర్‌లోనే ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన రోజులు హాజరు పట్టీలో ఉన్నాయి. ఎప్పుడెప్పుడు ఏం జరిగిందో చెప్పేది పని రికార్డు. కౌన్సెలింగ్ నోట్ దాన్ని చూసి రాసిన సంభాషణ మాత్రమే. రేపు నిజంగా చర్య తీసుకోవాల్సి వస్తే రికార్డునే ముందు పెట్టాలి. ఈ రెండింటినీ వేరుగా ఉంచితే నోట్‌ను ఆయుధంగా దాచుకోవాల్సిన పని పడదు.

ప్రభుత్వ ఆఫీసుల్లో ఈ చిక్కు చాలా పాతది. 1956 డిసెంబరు 13న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఒక మెమోరాండం దీని మీదే. కింది ఉద్యోగి పనిలో అజాగ్రత్తో ఆలస్యమో కనిపించి, అది సెన్షూర్ శిక్ష వేసేంత తీవ్రమైనది కాకపోతే, రాతపూర్వకంగా హెచ్చరించడమో మందలించడమో చేయవచ్చని అందులో ఉంది. సెన్షూర్ అంటే అభిశంసన. కేంద్ర ఉద్యోగుల నిబంధనల్లోనూ, తెలంగాణ ఉద్యోగులకు వర్తించే 1991 నాటి సీసీఏ క్రమశిక్షణ నిబంధనల్లోనూ అది స్వల్ప శిక్షల జాబితాలో మొదటిది. దానికింద మందలింపు ఉంటుంది, అది శిక్ష కాదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ మందలింపును తెచ్చి సర్వీసు రికార్డులో ఎక్కించి, దాని పేరుతో పదోన్నతి ఆపితే? పేరుకు హెచ్చరిక, పనికి శిక్ష. అట్లా రికార్డుకెక్కిన హెచ్చరికను సెన్షూర్‌గానే లెక్కించాలని, అది వేయాలంటే సంజాయిషీ అడిగే పద్ధతి పాటించాల్సిందేనని ఉద్యోగులు కోర్టుల్లో గెలిచిన సందర్భాలున్నాయి. 1981లో కేంద్రం మరో మాట స్పష్టం చేసింది. క్రమశిక్షణ విచారణ మొదలుపెట్టాక తప్పు కొంతైనా ఉందని తేలితే కనీసం సెన్షూర్ వేయాలి, ఉత్త హెచ్చరికతో ముగించొద్దు. ఇటు సలహా, అటు శిక్ష, రెంటినీ కలిపి వండొద్దన్నమాట.

మన చర్చకు ఇంకా దగ్గరి తీర్పు మంచెగౌడ కేసు. మైసూరు ప్రభుత్వోద్యోగి మీద ఒక ఆరోపణ రుజువైంది, విచారణాధికారి హోదా తగ్గిస్తే చాలన్నాడు. ప్రభుత్వం అతని పాత శిక్షలను కూడా లెక్కలోకి తీసుకుని ఏకంగా డిస్మిస్ చేసింది. పాత రికార్డును వాడుకుంటున్నామని షోకాజ్ నోటీసులో అతనికి చెప్పలేదు. సుప్రీంకోర్టు 1963లో ఆ ఉత్తర్వు నిలవదంది. ఒకరి గతాన్ని చూసి శిక్ష పెంచదలిస్తే ఆ గతం ఏమిటో ముందే చెప్పి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అసలు తప్పే అంతటి శిక్షకు సరిపడా పెద్దదైనప్పుడు ఈ నియమాన్ని తర్వాతి తీర్పులు కొంత సడలించాయి. అది ప్రభుత్వోద్యోగి కేసే అయినా, దాని వెనకున్న న్యాయం ప్రైవేటు కొలువులకు కొత్తదేమీ కాదు. నమూనా స్టాండింగ్ ఆర్డర్లు కూడా శిక్ష వేసేటప్పుడు గత రికార్డును చూడమంటాయి. ప్రశ్నల్లా, ఆ గత రికార్డులో కౌన్సెలింగ్ నోట్ ఉండొచ్చా?

ఉండకూడదు. ఈ జవాబు నేను పుస్తకం చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక సంస్థలో ఒకామెకు ఆలస్యం గురించి నోట్ రాశాను. ఇంట్లో అత్తకు డయాలసిస్ నడుస్తోంది, వారంలో రెండు రోజులు ఆమె ఆలస్యమవుతోంది. షిఫ్టు గంట జరిపాం, సమస్య పోయింది. నేను చేసిన తెలివితక్కువ పని, ఆ నోట్ ప్రతిని అలవాటుగా పర్సనల్ ఫైల్‌లో పెట్టడం. రెండేళ్లకు నేను వేరే చోటుకు మారాను. వేరే విషయంలో ఆమెకు వచ్చిన చార్జ్ మెమోలో "గతంలో కూడా మీకు ఆలస్యం విషయంలో హెచ్చరిక జారీ అయింది" అని ఒక వాక్యం వచ్చింది. ఆమె ఫోన్ చేసి, "సార్, అది హెచ్చరిక కాదన్నరు కద" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫైల్ చూసిన కొత్త మనిషిది కూడా తప్పనలేను. పర్సనల్ ఫైల్‌లో ఉన్న కాగితాన్ని ఎవరైనా అట్లాగే చదువుతారు.

అప్పటి నుంచి ఫోల్డర్ వేరు, తీసేసే తేదీ నోట్‌లోనే రాయడం అలవాటు చేసుకున్నాను. జూన్ 30 అన్న తేదీ చట్టంలో ఎక్కడా లేదు. మిర్చి సీజన్ అయిపోయి, పద్ధతి కుదురుకుందో లేదో తెలిసేపాటికి అది సరిపోతుందని పెట్టుకున్నదే. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఉంచితే చాలు. తేదీ రాసి తీసేయకపోవడం మాత్రం, అసలు రాయకపోవడం కంటే అన్యాయం.

ఒక్క జాగ్రత్త. "దీన్ని ఎప్పటికీ ఎవరూ చూడరు" అని మాట ఇవ్వొద్దు. రేపు లేబర్ ఆఫీసులోనో కోర్టులోనో వివాదం వచ్చి కాగితాలు తెమ్మంటే, అప్పటికి ఉన్న కాగితం చూపించాల్సి రావచ్చు. "ఫలానా పద్ధతి నాకెవరూ చెప్పలేదు" అని ఉద్యోగే వాదిస్తే, మార్చి 4న మాట్లాడుకున్నామని చెప్పడానికి నోట్ పనికొస్తుంది. చెప్పామనడానికి మాత్రమే అది ఆధారం, శిక్షించామనడానికి కాదు. నిలబెట్టుకోగలిగే మాట ఏదంటే, దీన్ని హెచ్చరికగా లెక్కపెట్టం, పదోన్నతికీ ఇంక్రిమెంటుకూ అడ్డం పెట్టం అన్నది. అంతే రాయాలి.

మరి మారకపోతే? చీటీలు వచ్చాయి, తోడు మనిషి ఉన్నాడు, అయినా గడులు ఖాళీగానే ఉన్నాయనుకుందాం. ఇంకో కౌన్సెలింగ్ చేయొచ్చు. రెండోసారి కూడా అదే మాట, అదే ఫలితం అయితే మూడోసారి కూర్చోవడంలో అర్థం లేదు. అక్కడ కౌన్సెలింగ్ దారి మూసి, క్రమశిక్షణ దారి కొత్తగా తెరవాలి. కొత్తగా అనడంలోనే విషయమంతా ఉంది. వేరే కాగితం మీద, షోకాజ్ నోటీసు అని దాని పేరే పెట్టి, ఏ తేదీల్లో ఏ లాట్లకు రాయలేదో రిజిస్టర్ నుంచి చూపించి, జవాబుకు గడువిచ్చి, జవాబు చదివి, అప్పుడు నిర్ణయించాలి. "కౌన్సెలింగ్ చేసినా మారనందున" అని మొదలుపెట్టకూడదు. దారి మారుతున్నామని మనిషికి నోటితో కూడా చెప్పాలి. నిన్నటిదాకా టీ తాగుతూ మాట్లాడిన మేనేజర్ ఒక పొద్దున నోటీసు చేతిలో పెడితే, తర్వాత ఎవరినీ టీకి పిలవలేడు.

తిరగేసి చూస్తే ఇంకో పొరపాటుంది, అది మరీ ప్రమాదం. పెద్ద తప్పును కౌన్సెలింగ్‌తో కప్పెయ్యడం. బస్తాలు మాయమైతే, కాంటాలో మోసం బయటపడితే, గొడవలో చేయి చేసుకుంటే అవి ఈ ఫోల్డర్‌లోకి రావొద్దు. లైంగిక వేధింపు ఫిర్యాదైతే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి పోవాల్సిందే. "ఇద్దరినీ కూర్చోబెట్టి మంచిగ చెప్పినం" అన్నది అక్కడ చెల్లదు. కమిటీ రాజీకి ప్రయత్నించాలన్నా ఫిర్యాదు చేసిన మహిళ అడగాలి, డబ్బును ఆధారం చేసుకోకూడదు. మనవాళ్లకు పెద్దమనుషుల పంచాయితీ అలవాటు కాబట్టి ఈ తేడా గట్టిగానే చెప్పాల్సి వస్తుంది.

ఒక కాగితం అచ్చంగా కౌన్సెలింగేనా అని చూడడానికి నేను వాడే కొలత చిన్నది. దాన్ని పూర్తిగా చించేస్తే సంస్థకు నష్టమేమైనా ఉందా? మాట్లాడుకున్నది గుర్తుండడానికి ఒక సాధనం పోతుంది, అంతే అయితే అది కౌన్సెలింగే. "అయ్యో, రేపు చర్యకు ఆధారం పోతది" అనిపిస్తే అది వేషం మార్చుకున్న మెమో. మేనేజర్ మొదట రాసిన అర పేజీని అతనే ఈ కొలత పెట్టి చూసుకున్నాడు. చించి చెత్తబుట్టలో వేశాడు. పర్సనల్ ఫైల్‌లో ఉన్న కాపీ మర్చిపోయాడు, నేను గుర్తు చేయాల్సి వచ్చింది.

కొత్త నోట్ మీద ఆ అబ్బాయి వెంటనే సంతకం పెట్టలేదు. ఇంటికి తీసుకుపోయి బావకు చూపిస్తానన్నాడు, సరేనన్నాం. మరుసటి రోజు సంతకంతో పాటు కింద ఒక వాక్యం రాసుకొచ్చాడు: "చీటీ పుస్తకం గేటు దగ్గర ఉంచాలి, ఆఫీసు బీరువాలో పెడితే రాత్రి తాళం ఉంటది." మాకు తట్టని సంగతి. పుస్తకం గేటుకు మారింది.

మార్చి 25న రిజిస్టర్ తెరిచారు. మార్చి 5 తర్వాత వచ్చిన 148 లాట్లలో ఒక్కదానికి వరుస లేదు. ఆ చీటీ మీద మేస్త్రి నంబరు రాశాడు గానీ, అది నాలుగో తొమ్మిదో ఎవరికీ అర్థం కాలేదు. ఆ రాత్రే క్లర్క్ మేనేజర్‌కు చెప్పాడు, పొద్దున ఇద్దరూ పైకి పోయి చూసి రాసుకున్నారు. నోట్ అడుగున మేనేజర్ తేదీ వేసి "అనుకున్న పనులు జరిగాయి, ముగించాం. మేస్త్రికి స్కెచ్ పెన్ను ఇవ్వాలి" అని రాశాడు.